ఆర్ స్క్వేర్ 0.998 వచ్చింది, ఐసీ50 మాత్రం తెలియలేదు

కొన్నేళ్ల కిందట మేం రాసిన పేపర్లో ఒక వాక్యం ఉండేది: "ఈ పదార్థం ఐసీ50 విలువ 3.4 ± 0.2 మైక్రోమోలార్, ఆర్ స్క్వేర్ 0.998." రాసింది నేనే. ఐసీ50 అంటే పదార్థం ప్రభావం సగానికి చేరే డోస్, ఆర్ స్క్వేర్ అంటే గీత చుక్కలకు ఎంత దగ్గరగా పట్టిందో చెప్పే అంకె. రివ్యూయర్లు ఎవరూ దాని మీద ప్రశ్న వేయలేదు. తర్వాత మరో ల్యాబ్ వాళ్లు అదే పదార్థాన్ని అదే కణాల మీద పరీక్షించి, తమకు 7.5 ± 0.4 వచ్చిందని ఉత్తరం రాశారు. వాళ్ల ఆర్ స్క్వేర్ 0.997.

రెండింతల తేడా. ఎర్రర్లు చూస్తే రెండు అంకెలూ ఒకదానికొకటి దరిదాపుల్లో కూడా లేవు. కణాలు మారిపోయాయేమోనని, పదార్థం పాడైందేమోనని, పైపెట్ల క్యాలిబ్రేషన్ తప్పిందేమోనని రెండు నెలలు వెతికాం. చివరికి రెండు ల్యాబుల ముడి రీడింగులు ఒకే గ్రాఫ్ మీద పెట్టి చూస్తే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్రయోగంలో తేడా లేదు. తేడా అంతా కర్వ్ గీసిన పద్ధతిలో ఉంది, ఆ పద్ధతి ఏమిటో రెండు పేపర్లలోనూ రాసి లేదు.

అప్పటి నుంచి నాకు ఒక అభిప్రాయం బలపడింది. డోస్‌కు స్పందన ఎలా మారుతుందో చెప్పే పేపర్లో ఆర్ స్క్వేర్ రాయడం వల్ల పాఠకుడికి దాదాపు ఏమీ తెలియదు. ఏ పరామితిని ఫిట్‌కు స్వేచ్ఛగా వదిలేశాం, దేన్ని ఒక విలువ దగ్గర బిగించాం, ఎందుకు బిగించాం, గీత అడుగు మట్టాన్ని చుక్కలు నిజంగా చూపించాయా లేదా, ఈ నాలుగూ రాస్తే చాలావరకు తెలుస్తుంది. ఇది ఎందుకో మా అంకెలతోనే చూపిస్తాను.

ప్రయోగం మామూలుదే. 96 వెల్స్, అంటే చిన్న గుంతలు, ఉన్న ప్లేట్లో కణాలు వేసి, మర్నాడు పదార్థం కలిపి, 72 గంటల తర్వాత ఎన్ని కణాలు బతికున్నాయో ఒక వెలుగు రీడింగుతో కొలిచాం. పదార్థం కలపని వెల్స్ రీడింగును 100 అనుకున్నాం, కణాలే లేని వెల్స్ రీడింగును 0 అనుకున్నాం. డోసులన్నీ మైక్రోమోలార్లలోనే, కాబట్టి ఇకపై అంకె మాత్రమే రాస్తాను. 0.01, 0.03, 0.1, 0.3, 1, 3, 10 అనే ఏడు డోసులకు వచ్చిన సగటు రీడింగులు వరుసగా 101, 98, 99, 96, 86, 68, 44.

ఈ చుక్కల గుండా అందరూ గీసే గీత నాలుగు పరామితుల లాజిస్టిక్. దీని మూలం 1910లో ఎ.వి. హిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే తీరును వర్ణించడానికి వాడిన సమీకరణం.

```
Y = Bottom + (Top - Bottom) / (1 + (X / IC50)^h)
```

Top అంటే మందు లేనప్పటి పై మట్టం. Bottom అంటే డోస్ ఎంత పెంచినా ఇక దిగని అడుగు మట్టం. h అంటే గీత ఎంత నిటారుగా దిగుతుందో చెప్పే హిల్ స్లోప్. ఇందులో IC50 అంటే ఆ రెండు మట్టాలకు సరిగ్గా నడిమధ్య ఉన్న డోస్. ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మా గొడవంతా అక్కడే పుట్టింది. ఇక్కడ నడిమధ్య అంటే స్పందన 50 దగ్గర అని కాదు, Top కీ Bottom కీ మధ్య సగం దూరంలో అని. అడుగు ఎక్కడుందో తెలియకపోతే సగం ఎక్కడుందో తెలియదు.

మా చుక్కల్లో చివరిది 44. గీత ఇంకా దిగుతూనే ఉంది. అడుగు ఎక్కడుందో ఏ చుక్కా చూపించలేదు.

నేను Bottom ను 30 దగ్గర బిగించాను. అదే ప్లేట్ మీద దీనికి దగ్గరి బంధువైన మరో పదార్థం 30 దగ్గర ఆగిపోయింది కాబట్టి ఇదీ అక్కడే ఆగుతుందనుకున్నాను. అవతలి ల్యాబ్ వాళ్లు Bottom ను 0 దగ్గర బిగించారు, ఎందుకంటే కణాలన్నీ చచ్చిపోతే వచ్చే రీడింగు అదే. రెండూ తర్కం ఉన్న నిర్ణయాలే. Top ను ఇద్దరం 100 దగ్గర పెట్టాం. అడుగు 0 అనుకుంటే IC50 7.5, స్లోప్ 0.88 వస్తాయి. అడుగు 30 అనుకుంటే IC50 3.4, స్లోప్ 1.2 వస్తాయి.

సమీకరణంలో అంకెలు వేసి రెండు గీతలూ ఏం చెబుతున్నాయో చూడండి. డోస్ 1 దగ్గర మొదటి గీత 85.5 అంటుంది, రెండోది 86.9 అంటుంది. మేం కొలిచింది 86. డోస్ 3 దగ్గర 69.1, 67.6. కొలిచింది 68. డోస్ 10 దగ్గర 43.7, 45.1. కొలిచింది 44. కొలిచిన మేర అంతటా రెండు గీతలకూ మధ్య తేడా 2 పాయింట్లే. పక్కపక్క వెల్స్ మధ్య తేడాయే అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇవి విడిపోయేది మేం కొలవని చోట. డోస్ 30 దగ్గర ఒకటి 23 అంటే మరొకటి 35 అంటుంది. 100 దగ్గర ఒకటి 9, ఇంకొకటి 31.

అంటే కొలిచిన చోట రెండు గీతలూ ఒకే మాట చెబుతున్నాయి, కొలవని చోట వేర్వేరు కథలు చెబుతున్నాయి. మేం పేపర్లో రాసిన IC50 ఆ కొలవని చోటి కథ మీద ఆధారపడిన అంకె.

ఆర్ స్క్వేర్ ఇక్కడ ఎందుకు చేతులెత్తేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. చుక్కలు వాటి సగటు నుంచి మొత్తం ఎంత చెదిరాయి, అందులో గీత వివరించలేకపోయింది ఎంత అన్న నిష్పత్తి నుంచే అది వస్తుంది. రీడింగులు 101 నుంచి 44 దాకా దిగాయి కాబట్టి మొత్తం చెదురు చాలా పెద్దది, మా అంకెలకు సుమారు 2,700. మొదటి గీతకు మిగిలిన తేడాల వర్గాల మొత్తం సుమారు 8.7, రెండోదానికి 6.5. 2,700 పక్కన ఈ రెండూ లెక్కలోకి రావు, అందుకే 0.997, 0.998. పైనుంచి కిందికి దిగే గీతను దిగుతున్న చుక్కల మీద గీస్తే ఆర్ స్క్వేర్ ఎలాగూ 1కి దగ్గరగానే వస్తుంది. తప్పు గీతకూ వస్తుంది. పైగా అది సరళరేఖల కోసం పుట్టిన కొలత. వంపు గీతల విషయంలో మొత్తం చెదురు అంటే వివరించినదీ మిగిలినదీ కూడితే వచ్చేది అన్న లెక్కే కచ్చితంగా నిలవదు. మూడో దశాంశంలో ఉన్న తేడా చూసి 30 అనుకున్న మోడలే మెరుగని వాదించడానికి నాకు ఏ హక్కూ లేదు.

గీత చుక్కలకు ఎలా పట్టిందో చెప్పాలంటే మిగుళ్ల గ్రాఫ్ ఒకటి అనుబంధంలో పెట్టాలి. కొలిచిన విలువలోంచి గీత విలువ తీసేయగా మిగిలినవి డోస్ వెంబడి సున్నాకు పైనా కిందా అడ్డదిడ్డంగా పడితే పర్వాలేదు. వరుసగా మూడు నాలుగు పైన, ఆ తర్వాత మూడు నాలుగు కింద ఉంటే గీత ఆకారమే తప్పు. పై మట్టం దగ్గర చెదురు ఎక్కువగా, అడుగున తక్కువగా కనిపిస్తే చుక్కలన్నిటికీ సమాన బరువు ఇవ్వడం సరికాదు, ఏ బరువు ఇచ్చామో రాయాలి. చూపు తిప్పకుండా ఆ గ్రాఫ్ చూడగలిగితే ఆర్ స్క్వేర్ అవసరమే పడదు. మా విషయంలో మాత్రం మిగుళ్లు కూడా నోరు విప్పలేదని ఒప్పుకోవాలి. రెండు గీతలకూ అవి బాగానే ఉన్నాయి. లోపం గీత పట్టులో లేదు, సమాచారం లేకపోవడంలో ఉంది.

మరి 10 దగ్గరే ఎందుకు ఆగారని అడగొచ్చు. మా స్టాక్ ద్రావణం డీఎంఎస్ఓ అనే ద్రావణిలో 10 మిల్లీమోలార్. దాన్ని వెయ్యో వంతుకు పలచన చేస్తే 10 మైక్రోమోలార్ వస్తుంది, వెల్‌లో డీఎంఎస్ఓ 0.1 శాతం ఉంటుంది. 30 కావాలంటే 0.3 శాతం పెట్టాలి, చాలా రకాల కణాలు అంతవరకు తట్టుకుంటాయి. పెట్టి చూశాం కూడా. మూడో గంటకు ప్లేట్‌ను మైక్రోస్కోప్ కింద పెడితే కణాల మీద వెంట్రుక ముక్కల్లాంటి సన్నటి సూదులు గుత్తులు గుత్తులుగా పడి ఉన్నాయి. ఫోకస్ కొంచెం పైకి తిప్పితే ఇంకొన్ని సూదులు ద్రవంలో తేలుతూ కనిపించాయి. పదార్థం కరగకుండా స్ఫటికమైపోయింది. అలాంటప్పుడు డోస్ 30 అని కాగితం మీద రాసుకోగలం గానీ, కణాలకు అందింది ఎంతో ఎవరికీ తెలియదు. ఆ చుక్కను ఫిట్‌లో కలిపి ఉంటే గీత 44 దగ్గరే చదునుగా మారేది, సాఫ్ట్‌వేర్ దాన్నే అడుగు మట్టమని నమ్మి ఇంకా చిన్న IC50 ఇచ్చేది. ఎక్కువ డోసుల దగ్గర గీత ఉన్నట్టుండి చదును అయిందంటే ముందు మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లాలి, అది జీవశాస్త్రం కాకపోవచ్చు.

అడుగు 0 అనుకోవడమే సహజం కదా అన్న వాదన నేను చాలామంది దగ్గర విన్నాను. ఈ పరీక్షలో అది సహజం కాదు. కణాలు 72 గంటల్లో రెండుసార్లు రెట్టింపు అయ్యాయనుకోండి. మందు లేని వెల్‌లో మొదట ఉన్న ప్రతి కణానికీ చివర నాలుగు ఉంటాయి. ఒక మందు కణాల్ని అస్సలు చంపకుండా, పెరుగుదలను మాత్రం మొదటి నిమిషం నుంచే పూర్తిగా ఆపేస్తే ఆ వెల్‌లో చివరికి ఒక్కటే ఉంటుంది. నాలుగులో ఒకటి, అంటే 25 శాతం. ఆ మందు పని నూటికి నూరుపాళ్లు జరిగినా రీడింగు 25 కిందికి రాదు. పెరుగుదలను ఆపే మందుకు అడుగు మట్టం కణాల వేగాన్ని బట్టి ఉంటుంది, చంపే మందుకు 0 దగ్గర ఉంటుంది. మన పదార్థం ఏ జాతిదో తెలియకుండా 0 దగ్గర బిగించడం అంటే ఇది చంపే మందేనని ముందే తేల్చేయడం. నేను 30 దగ్గర బిగించడం కూడా అలాంటి తీర్పే. బంధువు ఆగిన చోటే ఇదీ ఆగాలని ఎక్కడా లేదు.

పరామితిని బిగించినప్పుడు ఎర్రర్ చిన్నదిగా కనిపించడానికి కారణం కూడా ఇదే. Bottom ఇంత అని మనం చెప్పగానే సాఫ్ట్‌వేర్ దాన్ని ఏ సందేహమూ లేని నిజంగా తీసుకుంటుంది. ఆ తర్వాత లెక్కగట్టే స్టాండర్డ్ ఎర్రర్ "అడుగు నిజంగా 30 అయితే" అన్న షరతు మీద వచ్చేది. మేం రాసిన ± 0.2, వాళ్లు రాసిన ± 0.4, రెండూ అలాంటివే. షరతు రాయకుండా ఎర్రర్ ఒక్కటే రాస్తే పాఠకుడు దాన్ని మొత్తం అనిశ్చితి అనుకుంటాడు. మాకు జరిగింది అదే.

పరీక్షించే దారి సులువే, పది నిమిషాలు పట్టదు. Bottom ను ఒకసారి 0, ఒకసారి 10, 20, 30, 40 దగ్గర బిగించి, ప్రతిసారీ మిగతా పరామితుల్ని మళ్లీ ఫిట్ చేసి, IC50 ఎంత వచ్చిందో, మిగుళ్ల వర్గాల మొత్తం ఎంతో రాసుకోవాలి. R లో drc ప్యాకేజీ వాడేవాళ్లకు ఇలా:

```r
library(drc)
dose <- c(0.01, 0.03, 0.1, 0.3, 1, 3, 10)
y    <- c(101, 98, 99, 96, 86, 68, 44)
for (b in c(0, 10, 20, 30, 40)) {
  m <- drm(y ~ dose, fct = LL.4(fixed = c(NA, b, 100, NA)))
  print(c(b, coef(m), sum(resid(m)^2)))
}
```

మా అంకెలకు 0 నుంచి 30 దాకా మిగుళ్ల మొత్తం పెద్దగా మారదు. 40 పెడితేనే గీత చుక్కల నుంచి 2, 3 పాయింట్లు జరగడం మొదలవుతుంది, మొత్తం దాదాపు మూడింతలవుతుంది. అంటే ఈ చుక్కలు 40 కాదని చెప్పగలవు, 0 కాదని గానీ 30 కాదని గానీ చెప్పలేవు. IC50 మాత్రం ఈ మధ్యలో సుమారు 7.5 నుంచి సుమారు 3.4 దాకా జారిపోతుంది. ఈ పనినే పద్ధతిగా, ఎంత వరకు పెరిగితే ఒప్పుకోవచ్చో ఒక హద్దు పెట్టుకుని చేస్తే దాన్ని ప్రొఫైల్ లైక్లీహుడ్ ఇంటర్వెల్ అంటారు. మామూలు ± ఎర్రర్ రెండు వైపులా సమానంగా ఉంటుంది. ఇది అలా ఉండనక్కర్లేదు, ఒక వైపు ముగింపు లేకుండా తెరుచుకునే ఉండొచ్చు కూడా. తెరుచుకుని ఉందంటే ఆ పరామితి ఈ డేటాతో తేలదని అర్థం. అప్పుడు తేలలేదనే రాయాలి.

ఇంత చెప్పాక ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. ఇదే డేటాలో గట్టిగా తేలిన అంకె ఒకటి ఉంది, మేం ఇద్దరం దాన్ని వదిలేసి వేరేదాని కోసం కొట్టుకున్నాం. రీడింగు సరిగ్గా 50కి చేరే డోస్ ఎంత అని అడగండి. అడుగు 0 అన్న గీతలో అది IC50 తో సమానమే, 7.5. అడుగు 30 అన్న గీతలో 50కి చేరాలంటే హారంలోని డోస్ పదం 2.5 కావాలి. 3.4ను 2.5 యొక్క 1/1.2 ఘాతంతో గుణిస్తే 7.3 వస్తుంది. 7.5, 7.3. తగాదా లేదు. ఎందుకంటే 50 అన్నది మేం కొలిచిన 68కీ 44కీ మధ్యలో ఉంది. గీత ఏ కథ చెప్పినా అక్కడ చుక్కలు దాన్ని రెండు వైపులా పట్టుకుని ఉన్నాయి.

రెండు మట్టాల నడిమధ్య ఉన్న డోస్‌ను సాపేక్ష ఐసీ50 అనీ, రీడింగు 50కి చేరే డోస్‌ను నిరపేక్ష ఐసీ50 అనీ అంటారు. పేపర్లలో రెండింటికీ ఒకే పేరు వాడేస్తారు, అసలు చిక్కు అక్కడే. సాపేక్షం మందు తన సొంత పని సగం చేసిన చోటు. నిరపేక్షం రీడింగు కంట్రోల్‌లో, అంటే మందు కలపని వెల్స్ రీడింగులో, సగానికి పడిన చోటు. రెండు మట్టాలూ కనిపించినప్పుడు సాపేక్షమే ఎక్కువ అర్థవంతమని నా నమ్మకం, మందు లక్ష్యాన్ని పట్టుకునే బలం గురించి చెప్పేది అదే. అడుగు కనిపించనప్పుడు మాత్రం నిరపేక్షమే రాయాలి. దానికీ ఒక బలహీనత ఉంది: 100 అన్నదీ 0 అన్నదీ కంట్రోల్ వెల్స్ నుంచి వచ్చినవి, వాటిలో తప్పుంటే ఈ అంకె నేరుగా జరుగుతుంది. కాబట్టి కంట్రోల్ వెల్స్ ఎన్ని, వాటి చెదురు ఎంత అన్నది కూడా రాయాలి. రీడింగు 50 దాకా దిగనే దిగకపోతే రాయాల్సింది ఒక్కటే, 10 కంటే ఎక్కువ అని. దాని స్థానంలో గీతను ముందుకు సాగదీసి 23 అనో 31 అనో అంకె వేయకూడదు.

ఇప్పటిదాకా ఒకే ప్లేట్ గురించి మాట్లాడాను. పేపర్లలో నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టేది ప్లేట్లకూ వెల్స్‌కూ మధ్య గందరగోళం. ఒక ప్లేట్లో ఏడు డోసులు, ఒక్కోదానికి మూడు వెల్స్, మొత్తం 21 చుక్కలు. ఫిట్ ఇచ్చే ఎర్రర్ ఈ 21 చుక్కల చెదురు నుంచి వస్తుంది. కానీ ఆ మూడు వెల్స్‌లోకీ ఒకే గొట్టంలోంచి ఒకే రోజు ఒకే పలచన ద్రావణం పోశాం. పలచన చేసేటప్పుడు తప్పు జరిగితే మూడూ కలిసే తప్పుతాయి, చెదురులో అది కనిపించదు. ఆ ఎర్రర్ చెప్పేది ఆ రోజు నా చెయ్యి వెల్ వెల్‌కూ ఎంత నిలకడగా ఉందో మాత్రమే. మళ్లీ చేస్తే ఎంత వస్తుందో అది చెప్పదు.

మేం ప్రయోగాన్ని మూడు వేర్వేరు రోజుల్లో, కొత్తగా పెంచిన కణాలతో, ప్రతిసారీ స్టాక్ నుంచి కొత్తగా పలచన చేసి చేశాం. నిరపేక్ష ఐసీ50లు 5.6, 7.4, 9.6 వచ్చాయి. ఏ ఒక్క రోజు ఫిట్‌లో చూసినా ఎర్రర్ అర మైక్రోమోలార్ దాటదు, రోజుల మధ్య తేడా మాత్రం 4. ఈ మూడింటినీ లాగ్‌లోకి మార్చి సగటు తీయాలి, ఎందుకంటే డోసులు మనం రెట్లలో పెంచుకుంటూ వెళ్లాం, తప్పులు కూడా రెట్లలోనే జరుగుతాయి. లాగ్‌లు 0.748, 0.869, 0.982. సగటు 0.866, తిరిగి మారిస్తే 7.4. మూడు రోజులే కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్‌ను 4.303తో గుణించాలి, రెండు డిగ్రీల ఫ్రీడమ్‌కు 95 శాతం టీ విలువ అది. తిరిగి మారిస్తే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 3.8 నుంచి 14. కింది హద్దు 7.4లో సుమారు సగం, పై హద్దు దానికి సుమారు రెట్టింపు. ± గుర్తుతో దీన్ని రాయలేం, రాయకూడదు కూడా. పై హద్దు మేం వాడిన పెద్ద డోస్ దాటి పోయింది, అదీ పాఠకుడికి తెలియాలి.

3.4 ± 0.2 ఎక్కడ, 7.4, హద్దులు 3.8 నుంచి 14 ఎక్కడ. ఈ రెండో రూపం చూసి మా గైడ్ మొదట బాధపడ్డారు. "ఇంత వెడల్పుగా రాస్తే మనం ఏమీ కనుక్కోలేదన్నట్టు ఉంటుందమ్మా" అన్నారు. "ఉన్నంతే రాద్దాం సార్, మన అసలు ప్రశ్న రెండు పదార్థాల్లో ఏది బలమైనది అని కదా, దానికి ఇది అడ్డం రాదు" అన్నాను. ఆ మాట నేను ధైర్యంగా అనడానికి కారణం ముందు రోజు రాత్రి వేసిన ఒక లెక్క.

బంధువు పదార్థం కూడా అవే మూడు రోజుల్లో అవే ప్లేట్ల మీద ఉంది. దాని నిరపేక్ష ఐసీ50లు 2.9, 4.1, 4.9. విడిగా లెక్కిస్తే సగటు 3.9, హద్దులు 2.0 నుంచి 7.5. మొదటిదాని 3.8 నుంచి 14తో ఇది బాగా కలిసిపోతుంది. హద్దులు కలిశాయి కాబట్టి తేడా లేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ రోజుల్ని జతలుగా చూడండి. మొదటి రోజు రెండూ తక్కువ, మూడో రోజు రెండూ ఎక్కువ. ఆ రోజు కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో ఆ ప్రభావం రెండింటి మీదా ఒకేలా పడింది. రోజువారీ నిష్పత్తులు 1.93, 1.80, 1.96. లాగ్ సగటు తీస్తే 1.9 రెట్లు, 95 శాతం హద్దులు 1.7 నుంచి 2.1. అంటే ఒక్కో అంకె గురించి మాకు తెలిసింది తక్కువ, వాటి మధ్య దూరం గురించి తెలిసింది చాలా ఎక్కువ. పేపర్ అడుగుతున్న ప్రశ్న నిష్పత్తి గురించి అయితే నిష్పత్తినే, దాని హద్దులతోనే రాయాలి. విడివిడి అంకెలు రాసి పోల్చుకోమని పాఠకుడికి వదిలేస్తే అతను జతల సంగతి తెలుసుకునే దారే ఉండదు.

సరిదిద్దిన పేపర్లో పద్ధతుల విభాగంలో మేం రాసింది ఇంచుమించు ఇది: "ప్రతి స్వతంత్ర ప్రయోగానికీ విడిగా నాలుగు పరామితుల లాజిస్టిక్‌ను సమాన బరువులతో ఫిట్ చేశాం. పై మట్టాన్ని మందు లేని వెల్స్ ఆధారంగా 100 దగ్గర బిగించాం. పరీక్షించిన డోసుల్లో అడుగు మట్టం చేరలేదు, 10 మైక్రోమోలార్ దాటితే పదార్థం స్ఫటికమవుతోంది. అందువల్ల సాపేక్ష ఐసీ50 నిర్ణయించలేదు. రీడింగు కంట్రోల్‌లో 50 శాతానికి చేరిన డోస్‌ను నిరపేక్ష ఐసీ50గా ఇస్తున్నాం. అడుగును 0 నుంచి 30 మధ్య ఎక్కడ బిగించినా ఈ విలువ 7.3 నుంచి 7.5 లోపే ఉంది." చివరి వాక్యంలోని అంకెలు పైన చూపిన రోజువి, మిగతా రెండు రోజులవి అనుబంధంలో పెట్టాం. ఫలితాల్లో: "నిరపేక్ష ఐసీ50 7.4 మైక్రోమోలార్, మూడు స్వతంత్ర ప్రయోగాల జ్యామితీయ సగటు, 95 శాతం హద్దులు 3.8 నుంచి 14." బొమ్మలో మూడు రోజుల చుక్కల్ని మూడు గుర్తులతో విడివిడిగా చూపించాం. గీతను 10 దగ్గర ఆపేశాం, దాని తర్వాత చుక్కల గీతగా కూడా సాగదీయలేదు. ఎర్రర్ గీతలు దేనివో బొమ్మ కింద రాశాం.

ఇది స్థలం తినేస్తుందన్న అభ్యంతరం ఉంది. తింటుంది, సుమారు ఆరు వాక్యాలు. రెండు ల్యాబులు రెండు నెలలు కణాల్నీ పైపెట్లనూ అనుమానించడం కంటే అది తక్కువే. ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది: వందల పదార్థాలు జల్లెడ పట్టేటప్పుడు ఒక్కోదానికి ఇంత చేయలేమని. నిజమే. అప్పుడు అన్నిటికీ ఒకే నియమం పెట్టుకుని, ఆ నియమాన్ని రాసి, అడుగు కనిపించని వాటికి పట్టికలో ఒక గుర్తు పెడితే చాలు. పరామితిని బిగించడం తప్పని నేను అనడం లేదు. ఏడు చుక్కలకు నాలుగు పరామితులూ స్వేచ్ఛగా వదిలేస్తే ఫిట్ నిలకడ తప్పడం నేనూ చూశాను, బిగించాల్సిన సందర్భాలు చాలా ఉంటాయి. బిగించిన సంగతి పాఠకుడికి చెప్పకపోవడమే తప్పు, ఆ తప్పు నేను చేశాను.

అడుగు ఎక్కడుందన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. డోస్ పెంచలేం కాబట్టి వేరే వైపు నుంచి వెళ్లాం. మందు కలిపే రోజునే, కలిపే ముందు, ఒక ప్లేట్‌ను పక్కన తీసి రీడింగు తీశాం. 72 గంటల కంట్రోల్‌తో పోలిస్తే అది 27 శాతం వచ్చింది. అంటే పెరుగుదల పూర్తిగా ఆగి, ఒక్క కణం కూడా చావకపోతే కనిపించాల్సిన మట్టం అది. ఈ పదార్థం అక్కడ ఆగుతుందో, దాన్ని దాటి కిందికి వెళ్తుందో ఇప్పటికీ చుక్కలు చూపించలేదు. బొమ్మలో 27 దగ్గర ఒక సన్నటి అడ్డగీత గీసి, అది ఏమిటో కింద రాసి పంపించాం.